పెన్‌డ్రైవుకు చెత్తబుట్ట లేదు

సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్ కంప్యూటర్ సామాను అమ్మకాలకూ మరమ్మతులకూ జంట నగరాల్లో ఏనాటినుంచో పేరుపడిన సముదాయం. అందులోని ఒక ఇరుకైన దుకాణంలో పోయిన ఫైళ్లను వెలికితీసే పని జరుగుతుంది. అక్కడికి వచ్చేవారిలో చాలామంది ఒకే నమ్మకంతో వస్తారు: తొలగించిన ఫైలు రీసైకిల్ బిన్‌లో ఉండి తీరాలి, కనబడకపోవడం కంప్యూటర్ లోపం. ఆ దుకాణాన్ని చూసిన రోజున వరంగల్ నుంచి పెన్‌డ్రైవుతో వచ్చిన డీటీపీ ఆపరేటరు చెప్పిన మాట కూడా అదే: "బిన్‌ల కూడా చూసిన అన్నా, అండ్ల లేవు."

ఆ నమ్మకంలోని పొరపాటు బిన్ అనేదాన్ని ఒక ప్రత్యేక స్థలంగా ఊహించుకోవడంలో ఉంది. విండోస్‌లో డెస్క్‌టాప్ మీద కనిపించే బుట్ట ఒక బొమ్మ మాత్రమే. అసలు బుట్ట ప్రతి స్థిర డిస్కులోనూ విడివిడిగా `$Recycle.Bin` అనే దాగిన ఫోల్డరుగా ఉంటుంది. ఫైలును తొలగించినప్పుడు విండోస్ దానిలోని సమాచారాన్ని కదపదు. అదే డిస్కులో ఆ ఫోల్డరు కిందికి పేరు మార్చి చేర్చి, పాత చిరునామానూ తొలగించిన సమయాన్నీ పక్కన మరో చిన్న ఫైలులో రాసిపెడుతుంది. పేరు మార్పే కనుక రెండు గిగాబైట్ల సినిమా కూడా క్షణంలో బుట్టలో పడుతుంది, పడినా డిస్కులో అంతే చోటు ఆక్రమిస్తుంది.

పెన్‌డ్రైవును కంప్యూటరుకు తగిలించినప్పుడు, తాను తీసి పట్టుకుపోదగిన సాధనమని ఆ పరికరమే విండోస్‌కు తెలియజేస్తుంది. అలాంటి సాధనాల మీద విండోస్ బుట్టను ఏర్పాటు చేయదు. ఈ పద్ధతి 1.44 మెగాబైట్ల ఫ్లాపీల కాలానికి చక్కగా నప్పేది, ఎందుకంటే అంత చిన్న చోటులో తొలగించినదాన్ని దాచిపెడితే కొత్తదానికి స్థలమే మిగలదు. వందల గిగాబైట్ల పెన్‌డ్రైవులు వచ్చాక కూడా అదే కొనసాగడం వాడేవారికి నష్టమే. యూఎస్‌బీ తీగతో తగిలించే బయటి హార్డ్‌డిస్కు సాధారణంగా స్థిర డిస్కుగానే పరిచయం చేసుకుంటుంది కనుక దానికి బుట్ట ఉంటుంది. అంటే తేడా యూఎస్‌బీ రంధ్రంలో లేదు, పరికరం చెప్పుకొనే గుర్తింపులో ఉంది. మ్యాక్ కంప్యూటర్ల దారి వేరు: అవి పెన్‌డ్రైవులోనే `.Trashes` అనే దాగిన ఫోల్డరు పెడతాయి, కాబట్టి మ్యాక్‌లో తొలగించిన ఫైలు అక్కడే పదిలంగా ఉండవచ్చు.

దుకాణదారు అడిగిన మొదటి ప్రశ్న ఫైలు పేరు గురించి కాదు. "డిలీట్ చేసినంక దీంట్ల మల్ల ఏమన్న ఎక్కించినవా తమ్మీ?" అన్నాడు. ఎక్కించాడట, ప్రెస్సులో చోటు చాలక పాత పుస్తకం ఫోల్డరును తొలగించి, ఒక పెళ్లి కార్డుకు కావలసిన మూడు ఫొటోలు వేసుకున్నాడు, ఆ పుస్తకం రెండో కూర్పుకు వస్తోందని మర్నాడు తెలిసింది. విన్నవెంటనే దుకాణదారు పెన్‌డ్రైవును తీసి, ఒక కాగితం ముక్క మీద తొలగించిన సమయాన్నీ ఆ తరువాత జరిగిన పనులనూ రాసుకున్నాడు. ఆయన లెక్కలో ముందుగా చేయవలసినది ఇదే: రాత ఆపడం. కొత్త ఫైలు వేయకూడదు, తెరిచి సేవ్ చేయకూడదు, ఫార్మాట్ చేయకూడదు, డ్రైవులో లోపముందని విండోస్ సరిచేయబోతే ఒప్పుకోకూడదు. ఊరికే తగిలించి ఉంచినా విండోస్ `System Volume Information` వంటి ఫోల్డర్లలో తనంతట తాను ఏదో ఒకటి రాసే వీలుంది కనుక, పద్ధతి ప్రకారం ఎజెక్ట్ చేసి బయట పెట్టడమే మేలు.

ఆ తరువాత ఆయన రాతకు అనుమతి లేని విధంగా దాన్ని మరో యంత్రానికి తగిలించి, 16 గిగాబైట్ల డ్రైవు మొత్తాన్నీ మొదటి బైటు నుంచి చివరి బైటు వరకు ఒకే పెద్ద ఫైలుగా నకలు తీశాడు. వెతుకులాట అంతా ఆ నకలు మీదే. తొలగింపు అంటే నిజంగా ఏమిటో అప్పుడు తెర మీద కనబడింది. FAT32 పద్ధతిలో ప్రతి ఫైలుకూ పేరు, పరిమాణం, ఎక్కడ మొదలైందో తెలిపే ఆనవాలు కలిసిన 32 బైట్ల నమోదు ఉంటుంది. `PUSTAKAM.PMD` నమోదులోని పేరు ఇలా ఉంది:

```
E5 55 53 54 41 4B 41 4D 50 4D 44
```

మొదటి బైటు 50, అంటే P అక్షరం, ఉండవలసిన చోట E5 వచ్చింది. ఈ నమోదు ఇక చెల్లదని దాని అర్థం. మిగతా అక్షరాలన్నీ చెక్కుచెదరలేదు. అందుకే వెలికితీసే సాఫ్ట్‌వేర్లు ఇలాంటి ఫైళ్లను తొలి అక్షరం లేకుండా `_USTAKAM.PMD` అని చూపుతాయి. పెద్ద నష్టం జరిగేది మరోచోట. డ్రైవును క్లస్టర్లనే సమాన ఖండాలుగా విభజిస్తారు, ఈ డ్రైవులో ఒక్కొక్కటి 8 కిలోబైట్లు. ఒక ఖండం తరువాత ఏ ఖండం చదవాలో చెప్పే పట్టికనే ఫ్యాట్ అంటారు. తొలగింపుతో ఆ గొలుసు సున్నాలుగా మారిపోతుంది. సమాచారం మాత్రం ఖండాల్లో అలాగే ఉంటుంది, దాన్ని ఏ వరుసలో చదవాలన్నదే పోతుంది.

ఈ కారణంగానే ఒకే ఫోల్డరులోని రెండు ఫైళ్లకు రెండు గతులు పట్టాయి. 6 మెగాబైట్ల ముఖచిత్రం ఫైలు ఇంటి కంప్యూటరు నుంచి ఒక్కసారిగా కాపీ అయినది కనుక దాని 768 క్లస్టర్లూ వరుసగా పడ్డాయి. మొదలు నుంచి అన్ని క్లస్టర్లు చదివితే ఫైలు యథాతథంగా తెరుచుకుంది. 22 మెగాబైట్ల లోపలి పుటల ఫైలును ఆపరేటరు వారాల తరబడి పెన్‌డ్రైవులోనే తెరిచి దిద్దుతూ వచ్చాడు. పేజ్‌మేకర్‌లో సేవ్ కొట్టినకొద్దీ ఫైలు పెరుగుతుంది, పెరిగిన భాగం ఎక్కడ ఖాళీ ఉంటే అక్కడ పడుతుంది. వరుసగా చదివితే కొంతదూరం పుస్తకం, ఆపైన వేరే ఏదో ఫొటో తగిలాయి. పేజ్‌మేకర్ దాన్ని తెరవలేదు. ఫైలు పేరు తెర మీద కనబడినంతమాత్రాన ఫైలు దొరికినట్టు కాదు, తెరిచి చూస్తేనే తెలుస్తుంది.

డబ్బు పెట్టే ముందు ఇంట్లో ప్రయత్నించదలచినవారికి విండోస్ 10 (2004 కూర్పు), ఆ తరువాతి వాటిలో మైక్రోసాఫ్ట్ ఇచ్చే `winfr` అనే ఉచిత సాధనం ఉంది. దాన్ని స్టోర్ నుంచి కంప్యూటరులో వేసుకుని, పెన్‌డ్రైవు `E:` అయితే, కమాండ్ ప్రాంప్ట్‌ను అడ్మినిస్ట్రేటరుగా తెరిచి ఇలా టైపు చేయాలి:

```
winfr E: D:\Recovered /extensive /n *.pmd
```

దొరికినవి పడే చోటు పెన్‌డ్రైవు కాకుండా మరో డిస్కు కావడం ఇందులో తప్పనిసరి. వెలికితీసినదాన్ని అక్కడే రాస్తే ఇంకా దొరకనిదాని మీదే పడే ప్రమాదం ఉంది. విడి ముక్కలను సరైన వరుసలో అతికించడం దీనివల్లా కాదు.

లోపలి పుటల సంగతి చివరకు తేలింది వేరే దారిలో. ప్రూఫు కోసం ప్రెస్సుకు ఈమెయిల్‌లో పంపిన పీడీఎఫ్ ఆపరేటరు ఫోనులోనే ఉంది. దుకాణదారు అడిగేదాకా అతనికి గుర్తు రాలేదు. తిరిగి అచ్చు వేయడానికి అది సరిపోతుంది. అక్షరాలు అను ఫాంట్లలో ఉన్నాయి కనుక అందులోంచి కాపీ చేసిన పాఠం తెలుగుగా రాదు. రెండో కూర్పుకు రచయిత గుర్తుపెట్టిన దిద్దుబాట్లున్న పుటలను మాత్రం ఆపరేటరు మళ్లీ కొట్టుకోవలసిందే.