రెండు టీవీలు, మూడు కేబుళ్ళు

మా చైతూకీ, కింది ఫ్లోర్‌లో ఉండే విహాన్‌కీ మారియో కార్ట్ 8 డీలక్స్ అంటే ప్రాణం. ఇద్దరికీ చెరొక నింటెండో స్విచ్ ఉంది. మూడేళ్ళుగా ఎవరింట్లో వాళ్ళు కూర్చుని ఆన్‌లైన్లో ఆడుకుంటున్నారు. ఈ జూన్‌లో విహాన్ వాళ్ళ నాన్నగారి వీసా వ్యవహారం తేలక, వాళ్ళు విజయవాడ వెళ్ళిపోవడం ఖాయమైంది. "అమ్మా, చివరి శనివారం మా ఇద్దరం ఒకే గదిలో ఆడుకుంటాం. కానీ ఎవరి టీవీ వాళ్ళకే ఉండాలి" అన్నాడు మావాడు. ఒకే తెరని రెండు ముక్కలు చేసుకుంటే బొమ్మ చిన్నదైపోతుందట.

హాల్లో టీవీ ఉంది, మావారి కంప్యూటర్ మానిటర్ ఇంకొకటి. శుక్రవారం వైర్‌లెస్‌తోనే కలిపి చూశాం. రెండో రేసు మధ్యలోనే తెగిపోయింది, మళ్ళీ కలిపితే మళ్ళీ తెగింది. మా అపార్ట్‌మెంట్‌లో వైఫై లిస్టు తీస్తే ఇరవై పేర్లు కనబడతాయి, ఆ రద్దీ వల్లే కావచ్చు. కేబుల్‌తో కలిపితే ఈ గొడవ ఉండదు కదా అనిపించింది. బీఎస్సీలో కంప్యూటర్స్ చదివి పన్నెండేళ్ళయింది, అయినా ధైర్యం చేశాను.

అయిదు పోర్టుల నెట్‌వర్క్ స్విచ్ ఒకటి కొన్నాను. కన్సోల్ పేరూ స్విచ్చే, ఈ డబ్బా పేరూ స్విచ్చే కాబట్టి దీన్ని డబ్బా అనే అంటాను. విహాన్‌ది ఓఎల్ఈడీ మోడల్, దాని డాక్‌కి లాన్ పోర్టు ఉంది. మాది పాతది, డాక్‌కి ఆ పోర్టు లేదు. డాక్ యూఎస్‌బీలో పెట్టే లాన్ అడాప్టర్ విడిగా కొనాల్సొచ్చింది. మీ పిల్లలది స్విచ్ లైట్ అయితే మాత్రం ఈ పద్ధతి పెట్టుకోకండి, అది డాక్‌లో కూర్చోదు.

రెండు డాక్‌ల నుంచి రెండు కేబుళ్ళు డబ్బాకి పెట్టాను. పోర్టుల దగ్గర లైట్లు వెలిగాయి, అంటే కేబుళ్ళు బాగానే ఉన్నాయి. కానీ కన్సోల్‌లో కనెక్షన్ టెస్ట్ చేస్తే ఫెయిల్. కాసేపటికి తట్టింది. ఈ డబ్బా ఒక పోర్టులోకి వచ్చినదాన్ని సరైన పోర్టుకి చేర్చడం వరకే చేస్తుంది. కన్సోళ్ళకి ఐపీ అడ్రస్ ఇవ్వదు, ఆ పని రౌటర్‌ది. బెడ్‌రూమ్ అల్మరాలో ఉన్న రౌటర్ నుంచి పొడుగు కేబుల్ లాగి డబ్బాకి కలిపాను. ఈసారి టెస్ట్ పాసయింది. రౌటర్ హాల్లోనే ఉండుంటే, దాని లాన్ పోర్టుల్లోనే రెండు కన్సోళ్ళూ పెట్టేసేవాళ్ళం, డబ్బా అక్కర్లేదు.

ఇక అయిపోయిందనుకున్నాను. పిల్లలు గేమ్ మెనూలో Wireless Play నొక్కారు, పాత కథే, మళ్ళీ తెగింది! కేబుల్ పెట్టినంత మాత్రాన గేమ్ దాన్ని వాడుకోదు. Wireless Play అంటే అది గాలిలోనే వెతుక్కుంటుంది. కేబుల్ మీద ఆడే సదుపాయం గేమ్ తయారుచేసినవాళ్ళే అందులో పెట్టి ఉండాలి. మారియో కార్ట్‌లో పెట్టారు, కానీ దాచిపెట్టారు. మెయిన్ మెనూలో L, R రెండూ పట్టుకుని ఎడమ స్టిక్‌ని లోపలికి నొక్కాలి. అప్పుడు Wireless Play అన్న చోట LAN Play అని మారుతుంది. రెండు కన్సోళ్ళ మీదా అలా మారాకే ఒకరి గది ఇంకొకరికి కనబడుతుంది. స్ప్లాటూన్ 2లో కూడా లాన్ ఆట ఉంది. యానిమల్ క్రాసింగ్‌లో దగ్గర్లోవాళ్ళతో ఆడాలంటే వైర్‌లెస్సే. అందుకే డబ్బా కొనేముందు మీవాళ్ళ గేమ్‌లో ఈ సదుపాయం ఉందో లేదో చూసుకోండి.

ఇంకో రెండు మాటలు. గేమ్ ఒక్కటి కొంటే సరిపోదు, రెండు కన్సోళ్ళలోనూ విడివిడిగా ఉండాలి. రెండూ ఒకే వెర్షన్‌లో ఉండాలి కూడా. విహాన్‌ది అప్‌డేట్ కాలేదు. గేమ్ బొమ్మ మీద + నొక్కి, Software Updateలోకి వెళ్ళి అప్‌డేట్ చేశాం. ఆన్‌లైన్ సభ్యత్వం మాత్రం దీనికి అక్కర్లేదు.

శనివారం రాత్రి ఒంటిగంట దాకా ఒక్కసారి కూడా తెగలేదు. పులిహోర గిన్నె రెండు టీవీల మధ్య పెట్టాను. ఓడినప్పుడల్లా ఒకరి భుజం ఒకరు తోసుకుంటూ నవ్వుకున్నారు. విహాన్ వాళ్ళమ్మ అడ్డంగా పరుచుకున్న కేబుళ్ళని దాటుకుంటూ వచ్చి నా పక్కన కూర్చుంది. ఇద్దరం ఏమీ మాట్లాడుకోలేదు.

ఈ కేబుల్ విజయవాడ దాకా అందదు. ఇప్పుడు సభ్యత్వం కట్టి, టైమ్ చూసుకుని, మళ్ళీ ఆన్‌లైన్లోనే ఆడుకుంటున్నారు. డబ్బా తీసేస్తానంటే చైతూ ఒప్పుకోలేదు. "సెలవులకి వాడొస్తాడుగా అమ్మా" అన్నాడు. సరే, ఉండనీ అని టీవీ కిందే వదిలేశాను.