బావ్రిల్ కప్పూ, మా అమ్మ తునకలూ

పోయినసారి వీసా డబ్బుల తిప్పలు రాశాను. ఈసారి తిండి సంగతి. బయటి దేశాలకు చదువుకు పోదామనుకునే తమ్ముళ్లూ చెల్లెళ్లూ అడుగుతా ఉండారు కాబట్టి.

లండన్‌లో దిగినప్పుడు నలుగురు తెలుగు పిల్లలతో ఒక ఇంట్లో చేరాను. మొదటి రాత్రే చెప్పారు: "బ్రో, అందరి కిచెన్ కదా, బీఫ్ మాత్రం వద్దు." గది దొరకడమే కష్టం, సరేనన్నాను. అట్లా సరేనన్నందుకు నామీద నాకే ఇప్పటికీ కోపం.

తిండికి వారానికి పాతిక పౌండ్లు పెట్టుకున్నా. అన్నం, ఉర్లగడ్డ, బ్రెడ్డు, మూడు పూటలా టీ. కడుపు నిండేది. నాలుగు నెలలకు మెట్లెక్కితే ఆయాసం. రక్తపరీక్షలో ఐరన్ బాగా తక్కువని తేలింది.

అమ్మకు ఫోన్ చేస్తే, "ఎండు తునకలు పంపేదా నాయనా?" అనింది. పంపకూడదు. మన దేశం నుంచి మాంసం, ఎండబెట్టిందైనా సరే, ఇక్కడికి రానివ్వరు. "అయితే ఆడే కార్జెం తెచ్చుకోని సంగటి గెలుక్కో" అనింది.

అమ్మ చెప్పిందే మందు. ఎద్దు కార్జెం ఇక్కడ మాంసం కన్నా బాగా చవక, పెద్దగా ఎవరూ కొనరు. ఐరన్, బీ12 రెండూ దండిగా ఉంటాయి. అయితే వారానికి ఒక్కసారే, ఎక్కువైతే విటమిన్ ఏ మితిమీరుతుంది. గర్భిణులు అసలు తినకూడదు. తిన్న వెంటనే టీ తాగితే ఐరన్ సరిగ్గా ఒంటికి పట్టదు, కనీసం గంట ఆగాలి. ఆ ఇంట్లో నేను చేసిన పెద్ద తప్పు ఈ టీనే.

రాగిపిండి ఇండియన్ షాపుల్లో దొరుకుతుంది. అర గ్లాసు నూకలు మూడు గ్లాసుల నీళ్లలో మెత్తగా ఉడికించి, పైన గ్లాసు పిండి కుప్పగా పొయ్యాలి. కలపకూడదు. సన్నని సెగమీద మూతపెట్టి పది నిమిషాలు ఉంచి, అప్పుడు గెలకాలి. నాకు తెడ్డు లేక చపాతీ కర్రతో గెలికాను. తడిచేత్తో తాకితే అంటుకోకుంటే ఉడికినట్టే. పచ్చివాసన వస్తే ఇంకొంచెం సేపు మూతపెట్టాలి.

బాబాసాహెబ్ 1920లో మళ్లీ లండన్ వచ్చి చదువుకున్న రోజుల గురించి ధనంజయ్ కీర్ రాశాడు. బ్రెడ్డు ముక్క, జామ్, ఒక కప్పు బావ్రిల్. రాత్రి ఆకలికి కాల్చిన అప్పడాలు. బావ్రిల్ అంటే ఏందో చాలామందికి తెలీదు. గొడ్డుమాంసం సారం, వేన్నీళ్లలో కలుపుకుని తాగుతారు. ఆయన ఆకలి గురించి మీటింగుల్లో ఎన్నో సార్లు విన్నా, ఆ కప్పులో ఏముందో మాత్రం ఒక్కరూ చెప్పలేదు.

ఆ ఇల్లు వదిలి, ఘనా పిల్లోడితో ఇంకో గది తీసుకున్నా. మొదటి ఆదివారం కార్జెం పులుసు, సంగటి చేసి అమ్మకు వీడియోలో చూపించా. ఆమె ముద్దను తేరిపార చూసి, "పగుళ్లిచ్చింది చూడు, నీళ్లు చాల్లే" అనింది.