దోటికి 1d12 ఇచ్చి మేం చేసిన తప్పు

మేం ఆదివారాలు ఆడుకునే డంజన్స్ అండ్ డ్రాగన్స్ ఫోటోలు ఇక్కడ పెట్టినప్పుడు "మన ఊరి ఆయుధాలు అందులో పెట్టుకోవచ్చా?" అని చాలామంది అడిగారు. పెట్టుకోవచ్చు. కానీ మేం మొదటిసారి పెట్టినప్పుడు ఆట చెడింది, మాలో ఒక తమ్ముడు రెండు ఆదివారాలు రావడమే మానేశాడు. ఎందుకు చెడిందో, తర్వాత ఎట్లా సరిచేసుకున్నామో రాస్తున్నాం. పోస్ట్ కొంచెం పెద్దది, ఓపిగ్గా చదవండి.

ఆట తెలియనివాళ్ళకి రెండు మాటలు. ఇది అమెరికాలో 1974లో మొదలైన ఆట. ఒకరు డంజన్ మాస్టర్‌గా కథ నడుపుతారు, మిగతావాళ్ళు తలా ఒక పాత్ర ఆడతారు. మేం ఆడేది 2014 నాటి ఐదో ఎడిషన్. కొట్టినప్పుడు దెబ్బ తగిలిందో లేదో ఇరవై ముఖాల పాచిక చెప్తుంది. తగిలితే ఎంత నష్టమో ఆయుధం పాచిక చెప్తుంది. 1d8 అంటే ఎనిమిది ముఖాల పాచిక ఒకటి, 2d6 అంటే ఆరు ముఖాలవి రెండు. పుస్తకంలో లేని వస్తువుని మనమే తయారుచేసుకుంటే దాన్ని హోంబ్రూ అంటారు.

మా హోంబ్రూ పేరు దోటి. మీ అందరికీ తెలిసిందే, పొడుగు వెదురు గడ చివర కొడవలి కట్టి చింతకాయలు, మేకలకి రెమ్మలు కోసేది. ఆ పుస్తకంలో యూరప్ ఈటెలూ కత్తులూ వరసగా కనబడుతుంటే మన ఇంటి వస్తువు ఒకటి ఉండాలని మాకు గట్టిగా అనిపించింది. ఇష్టం కొద్దీ రాసుకున్నాం: దోటి, 1d12 నరికే దెబ్బ, దానికి తోడు 1d6 విషం, అందే దూరం 15 అడుగులు. రాసేటప్పుడు "మనది కదా, గట్టిగానే ఉండాలి" అనుకున్నాం. మా తప్పు అక్కడే మొదలైంది.

అప్పుడు మేం చెయ్యాల్సింది ఒక్కటే, పుస్తకంలో దానికి దగ్గరగా ఉన్న ఆయుధాన్ని పక్కన పెట్టుకుని చూడటం. దోటికి దగ్గరి చుట్టం హాల్‌బర్డ్, అంటే పొడుగు కర్రకి గొడ్డలి తల ఉన్నది. అది 1d10, 10 అడుగుల దూరం అందుతుంది. రెండు చేతులతో పట్టే పెద్ద గొడ్డలి గ్రేట్‌యాక్స్ 1d12, కానీ అందేది 5 అడుగులే. రెండూ బరువైనవే, రెండిటికీ రెండు చేతులూ కావాలి. అంటే ఇంకో 5 అడుగులు అందడానికి పాచికలో ఒక మెట్టు వదులుకోవాలి. సగటున చూస్తే 1d12 కి 6.5, 1d10 కి 5.5, తేడా ఒక్క పాయింట్.

అయితే ఆ ఖరీదు అన్నిచోట్లా ఒకటి కాదు. ఒంటి చేత్తో పట్టే రేపియర్ కత్తి 1d8. ఒంటి చేత్తోనే పట్టే కొరడా 10 అడుగులు అందుతుంది, కానీ దానికి 1d4 మాత్రమే. ఇక్కడ దూరానికి రెండు మెట్లు పోయాయి. ఎందుకని మేం చాలాసేపు వాదించుకున్నాం. మాకు తోచిన కారణం ఇది: కొరడా పట్టినవాడికి రెండో చేయి ఖాళీ, అందులో డాలు పట్టుకోవచ్చు. దూరం నుంచి కొట్టడం, డాలు అడ్డుపెట్టుకోవడం రెండూ ఒకరికే దొరికితే ఆ దెబ్బ చిన్నదిగా ఉండాల్సిందే. కాబట్టి పాచికని ఒంటరిగా చూడొద్దు. ఆ ఆయుధం పట్టినవాడి చేతిలో ఇంకేం మిగులుతుందో చూడాలి.

ఇప్పుడు మా మొదటి దోటి ఏం చేసిందో వినండి. దాన్ని పట్టింది మాలో ఒక అన్న ఆడే ఐదో లెవెల్ ఫైటర్, బలానికి +3. హాల్‌బర్డ్ అయితే తగిలిన ప్రతి దెబ్బకీ సగటున 5.5 కి 3 కలిపి 8.5. మా దోటికి 6.5, విషం 3.5, బలం 3, మొత్తం 13. సగం కంటే ఎక్కువ పెరిగింది. ఆ లెవెల్ ఫైటర్ తన వంతులో రెండుసార్లు కొడతాడు కాబట్టి ఆ తేడా కూడా రెట్టింపు.

అయినా ఆట చెడింది ఆ అంకెల వల్ల కాదు, 15 అడుగుల వల్ల. పలకలో ఒక గడి అంటే 5 అడుగులు. 5 అడుగులు అందేవాడి చుట్టూ 8 గడులు వాడి చేతి కింద ఉంటాయి. 10 అడుగులైతే 24 గడులు. 15 అడుగులైతే 48. కాగితం మీద 5 తర్వాత 10, 10 తర్వాత 15 అని సమంగా పెరిగినట్టే ఉంటుంది, నేల మీద మాత్రం అట్లా కాదు.

పైగా ఆ ఫైటర్‌కి రెండు ప్రత్యేక నైపుణ్యాలున్నాయి. పోలార్మ్ మాస్టర్ ఉంటే, శత్రువు తన అందే దూరంలోకి అడుగు పెట్టగానే, తన వంతు కాకపోయినా ఒక దెబ్బ కొట్టొచ్చు. సెంటినెల్ ఉంటే, అట్లాంటి దెబ్బ తగిలినవాడు ఆ వంతులో ఇక కదలలేడు. ఈ రెండూ కలిపి వాడటం ఆడేవాళ్ళందరికీ తెలిసిన ఎత్తే, 10 అడుగుల హాల్‌బర్డ్‌తోనే మామూలు శత్రువు దగ్గరికి రాలేడు. కానీ పుస్తకం దానికి ఒక విరుగుడు ఉంచింది. హిల్ జెయింట్ లాంటి పెద్ద రాక్షసుడి గద కూడా 10 అడుగులు అందుతుంది. వాడిని 10 అడుగుల దగ్గర ఆపినా వాడు తిరిగి కొట్టగలడు. మా దోటి వాడిని 15 అడుగుల దగ్గర ఆపేసింది. పుస్తకం వదిలిన ఆ ఒక్క సందునీ మేం మూసేశాం.

ఆ రోజు మా డంజన్ మాస్టర్ అక్క తీసుకొచ్చింది హిల్ జెయింట్‌నే. 105 ప్రాణం, గద దెబ్బ ఒక్కోటి సగటున 18, వంతుకి రెండు. అది దోటి అన్న దగ్గరికి రాలేకపోయింది. రాలేనప్పుడు బండరాయి విసరగలదు, అది సగటున 21 దెబ్బ. ఎవరి మీద విసురుతుంది? ముందు నిలబడ్డ తమ్ముడి మీద. ఆ తమ్ముడి చేతిలో ఉన్నది గ్రేట్‌యాక్స్, 5 అడుగులే అందుతుంది. వాడు దగ్గరికెళ్ళి ఒక్కో దెబ్బకి సగటున 9.5 కొట్టాడు, ఎదురు దెబ్బలన్నీ వాడే తిన్నాడు. దోటి అన్న దూరం నుంచి 13 కొట్టాడు, ఒక్క గీత కూడా పడలేదు. మూడో వంతులో తమ్ముడి పాత్ర పడిపోయింది. వాడు నవ్వాడు గానీ ఏం మాట్లాడలేదు. తర్వాతి ఆదివారం "చదువుకోవాలి" అన్నాడు. ఆ తర్వాతి ఆదివారం ఫోన్ ఎత్తలేదు.

మేం వాడి గదికి వెళ్ళి అడిగితే ఒకే మాట అన్నాడు: "అన్నా, నేను గొడ్డలి ఎందుకు పట్టుకోవాలి చెప్పు." మా దగ్గర జవాబు లేదు. కొత్త ఆయుధం ఎక్కువైందో లేదో తెలుసుకోవడానికి ఇంతకంటే మంచి ప్రశ్న మాకు ఇప్పటికీ దొరకలేదు. అది బల్ల మీదికి వచ్చాక పాత ఆయుధం పట్టుకోవడానికి ఎవరికైనా కారణం మిగలకపోతే అది ఎక్కువైనట్టే.

ఇక విషం సంగతి. దాని మీద అభ్యంతరం చెప్పింది మాలో ఒక చెల్లి. "మా ఇంట్లో దోటికి ఎవరూ విషం పుయ్యలేదు. సినిమాల్లో మనవాళ్ళ చేతిలో ఏదున్నా విషం పూసి చూపిస్తారు, మీరూ అదే రాశారు" అంది. సిగ్గేసింది. ఆట లెక్కలో కూడా అది తప్పే, వేరే రకంగా. మేం విషాన్ని ఉచితంగా వచ్చిన 3.5 అనుకున్నాం. కానీ అస్థిపంజరాలకి, జాంబీలకి విషం అసలు ఎక్కదు. అక్క ఆరు అస్థిపంజరాలని దింపిన రోజు ఆ 1d6 మొత్తం సున్నా. అదే రోజు చెల్లి చేతిలోని మామూలు కర్ర 1d6 మోదే దెబ్బ. అస్థిపంజరానికి మోదే దెబ్బ రెట్టింపు తగులుతుంది, దాని ప్రాణం 13. చెల్లికి బలం +3. పాచికలో 4 పడితే 4కి 3 కలిపి 7, రెట్టింపు 14, ఒక్క దెబ్బకే కూలింది. దెబ్బ రకం విలువ ఆయుధంలో ఉండదు, ఎదురుగా ఎవరున్నారో దాన్ని బట్టి ఉంటుంది. అందుకే డంజన్ మాస్టర్‌ని అడగకుండా రకం రాయకూడదు. ఒకరు "విషం తీసేసి ఫోర్స్ దెబ్బ పెడదాం" అన్నారు. ఫోర్స్‌ని తట్టుకునే జీవులు చాలా తక్కువ, అంటే ఇంకా పెద్ద తప్పు. వద్దనుకున్నాం.

చివరికి దోటిని ఇట్లా రాసుకున్నాం. 1d8 నరికే దెబ్బ, 10 అడుగులు, బరువైనది, రెండు చేతులూ కావాలి. హాల్‌బర్డ్ కంటే ఒక మెట్టు తక్కువ. ఆ మెట్టుకి బదులుగా దానికి కొక్కెం ఉంది: తన వంతులో ఒకసారి, దెబ్బ తగిలితే, శత్రువుని 5 అడుగులు తనవైపు లాగొచ్చు. వాడు బలంతో ఆపుకోవచ్చు, ఐదో లెవెల్‌లో 14 దాటాలి. గుర్రం సైజు దాకానే లాగుతుంది, హిల్ జెయింట్ కదలదు. పోలార్మ్ మాస్టర్ కిందికి దోటి రాదని కూడా స్పష్టంగా రాశాం, రాయకపోతే బల్ల దగ్గర గొడవ ఖాయం. "వంతులో ఒకసారి" అన్న మాట కూడా ముఖ్యమే. అది లేకపోతే మంత్రంతో వేసిన మంటల గోడలోకి శత్రువుని వంతుకి రెండుసార్లు లాగేవాళ్ళం.

ఇప్పుడు దోటి దెబ్బ సగటు 7.5, హాల్‌బర్డ్‌ది 8.5. దోటి అన్న మొదట్లో గొణిగాడు. తర్వాత ఒక అస్థిపంజరం పడిపోయిన చెల్లి మీద నిలబడి ఉంటే దాన్ని కొక్కేనికి తగిలించి ఇవతలికి లాగాడు. అది వచ్చి ఆగింది గొడ్డలి తమ్ముడి పక్కన. "వదిలెయ్ అన్నా, ఇది నాది" అని వాడు 1d12 వేశాడు, 11 పడింది. అవును, వాడు తిరిగి వచ్చాడు. దోటి లాగుతుంది, గొడ్డలి నరుకుతుంది. నిజానికి ఊళ్ళో కూడా అంతే కదా, దోటితో కొమ్మని కిందికి లాగేది ఒకరు, నరికేది ఇంకొకరు.

తర్వాత ఒడిసెల చెయ్యాలనుకుంటున్నాం. పుస్తకంలో ఒడిసెల ఉంది, 1d4 మోదే దెబ్బ, 30 అడుగుల దాకా మామూలుగా, 120 దాకా కష్టంగా. చేనులో పిట్టల్ని తోలినవాళ్ళు మీలో ఉంటే ఒకటి చెప్పండి: రాయి పెట్టి తిప్పి వదలడానికి నిజంగా ఎంతసేపు పడుతుంది, పక్కన మనిషి ఉంటే తిప్పగలరా? అది తెలిస్తే దూరం పెంచాలో, పాచిక తగ్గించాలో మేం కూర్చుని తేల్చుకుంటాం.