దుంప దాచుకున్న నీరు

పొలంలో నీళ్లు నిలిస్తే ఏమవుతుందో పెదకాకాని చుట్టుపక్కల ఎవరికీ చెప్పనక్కర్లేదు. ఒక గట్టి వాన పడి, నల్లరేగడిలోంచి నీరు బయటికి పోయే దారి లేకపోతే మిరప తల వాలుస్తుంది, పత్తి పసుపెక్కుతుంది. చేను ఉరకెత్తింది అంటారు. ఆ పసుపును చూసి ఇంకో తడి పెట్టే రైతు ఉండడు, పార పట్టుకుని గట్టు తెంపుతాడు. అదే పసుపు హాల్లో టీవీ పక్కనున్న కుండీలో కనబడితే మాత్రం మన చెయ్యి చెంబు వైపే పోతుంది.

ఈ వానాకాలంలో మా వీధి పిన్నిగారి జెడ్‌జెడ్ మొక్కకు అదే జరిగింది. "రోజూ గ్లాసుడు నీళ్లు పోస్తూనే ఉన్నాను, బియ్యం కడుగు కూడా పోశాను, అయినా పసుపెక్కిపోతోంది చూడు" అన్నారు. ఆవిడ గొంతులో బాధ నిజమైంది. ఇంట్లో పిల్లలు ఎదిగి వెళ్లిపోయాక ఆ మొక్కే ఆవిడకు పొద్దున్నే పలకరింపు.

ఆ మొక్క పుట్టిల్లు తూర్పు ఆఫ్రికా, కెన్యా నుంచి దక్షిణాఫ్రికా వరకు. వాన పడ్డప్పుడు తాగి, నెలల తరబడి ఎండను ఓర్చుకునే నేలలవి. 1990ల్లో డచ్ నర్సరీలు దాన్ని పెద్ద ఎత్తున పెంచి ప్రపంచమంతా అమ్మాయి. మన కందకూ చేమకూ దాయాది. మనం కాడలనుకునేవి నిజానికి ఆకు తొడిమలే, అసలు కాండం మట్టిలో దుంపై ఉంటుంది. ఆ తొడిమల్లోనూ ఆకుల్లోనూ నూటికి తొంభై పాళ్లకు పైగా నీరే.

ఆ నీటి నిల్వే మనల్ని మోసగిస్తుంది. మట్టి రేణువుల మధ్య సందుల్లో గాలి ఉంటేనే వేళ్లు ఊపిరి తీసుకుంటాయి. రోజూ పోసిన నీరు ఆ సందులు నింపేస్తే వేళ్లు ఉక్కిరిబిక్కిరై చస్తాయి. చచ్చిన వేళ్లమీదుగా పిథియంలాంటివీ, మెత్తకుళ్లు బ్యాక్టీరియాలూ దుంపలోకి దిగుతాయి. దుగ్గిరాల వైపు పసుపు రైతుకు ఇది కొత్త కాదు, దుంపకుళ్లు అనగానే గుర్తుపడతాడు. కానీ పసుపు మొక్క తొందరగా ఆకు మాడ్చి చెబుతుంది. జెడ్‌జెడ్ చెప్పదు. వేళ్లు పోయినా దాచుకున్న నీటితో వారాల తరబడి నిగనిగలాడుతూనే ఉంటుంది. ఆ వారాలన్నీ మన గ్లాసెడు నీళ్లే దాన్ని పచ్చగా ఉంచుతున్నాయని నమ్ముతాం. పసుపు పైకి వచ్చేసరికి కింద పని చాలావరకు అయిపోయి ఉంటుంది. పైగా నీరు పీల్చే వేళ్లు లేక మొక్క దాహంతోనే ఉంటుంది కాబట్టి వాడినట్టు కనబడి, ఇంకాస్త పోయించుకుంటుంది.

దాహమో కుళ్లో తేల్చుకోవడం కష్టం కాదు. దాహమైతే కుండీ తేలిగ్గా ఉంటుంది, తొడిమ ముడతలు పడుతుంది, దుంప గట్టిగానే ఉంటుంది. కుళ్లైతే కుండీ బరువుగా ఉంటుంది, తొడిమ మొదట్లో మెత్తబడి, మెల్లగా లాగితే ఊడి చేతికొస్తుంది, మట్టి నీచువాసన కొడుతుంది. అడుగున ముదురాకు ఒకటి పండితే అది వయసు, దానికి బెంగ అక్కర్లేదు.

పిన్నిగారి పింగాణీ కుండీకి అడుగున చిల్లే లేదు. గుమ్మరిస్తే మట్టి బురదగా జారింది. దుంపల్లో కొన్ని గోధుమరంగు తిరిగి వేలికి నలిగిపోయాయి, రెండు మాత్రం బంగాళాదుంపల్లా గట్టిగా ఉన్నాయి. చాకును వేడినీళ్లలో కడిగి, మెత్తనిదంతా కోసేశాం. లోపల తెల్లటి గట్టి కండ కనబడేదాకా కోయాలి, గోధుమ చార ఒక్కటి మిగిలినా కుళ్లు మళ్లీ పాకుతుంది. కంద కోసినట్టే దీని రసమూ దురద పెడుతుంది గనక చేతికి కవరు వేసుకున్నాం. కోసిన చోటు ఆరి గట్టిపడేదాకా కొన్ని రోజులు నీడలో ఉంచాం.

కొత్త కుండీ దుంపలకు సరిపోయేంత చిన్నది, చిల్లులున్నది. పెద్దదైతే వేళ్లు చేరని మట్టిలో తడి నిలిచిపోతుంది. ఎర్రమట్టిలో సగానికి సగం ముతక ఇసుక కలిపాం. చేలోని నల్లమట్టి దీనికి పనికిరాదు.

"మరి నీళ్లో?" అన్నారు.

"వారం దాకా వద్దు పిన్నీ. ఆ తర్వాత పుల్ల అడుగుదాకా గుచ్చి తీయండి, తడి అంటకపోతేనే పోయండి, పోసినప్పుడు చిల్లుల్లోంచి కారేదాకా పోయండి. ఈ వానల్లో నెలకొకసారి కూడా ఎక్కువే కావచ్చు."

పసుపెక్కిన తొడిమలు మళ్లీ పచ్చబడవు, వాటిని తీసేశాం. పచ్చగా మిగిలిన చిట్టి ఆకులు కొన్ని తుంచి ఇసుకలో గుచ్చాం, ఒక్కో ఆకు మొదట్లో చిన్న దుంప కడుతుంది. అందుకు నెలలు పడుతుంది, కొత్త చిగురు రావడానికి ఒక్కోసారి ఏడాది. వేళ్లు వచ్చాయా లేదా అని లాగి చూడొద్దని చెప్పాను. పొద్దుటి గ్లాసుడు నీళ్లు వాకిట్లో మందారానికి పోస్తానన్నారు. దానికి పోయొచ్చు, అది తాగుతుంది.