ఆధార్ అడిగే ముందు

పై పోర్షన్‌లో అద్దెకు దిగే అబ్బాయిని ఆధార్ ఫోటో వాట్సాప్‌లో పెట్టమనలేదు. అలా వచ్చిన ఫోటో గ్యాలరీలోకి, అక్కడి నుంచి క్లౌడ్ బ్యాకప్‌లోకి చేరిపోవచ్చు. మాస్క్‌డ్ ఆధార్ ప్రింట్ తెమ్మన్నాను. అందులో మొదటి 8 అంకెలు కనపడవు, చివరి 4 మాత్రమే ఉంటాయి. ఎందుకు తీసుకుంటున్నానో చెప్పి, అతను సరేనన్నాకే కాపీ మీద "ఈ ఇంటి అద్దె ఒప్పందానికి మాత్రమే" అని అతని చేతే రాయించి, తేదీ వేయించి, సంతకం పెట్టించాను. ఎవరైనా దాన్ని సిమ్ కార్డుకో, లోనుకో వాడబోతే ఆ రాత అడ్డుపడొచ్చు. ఉద్యోగం సంగతికొస్తే కంపెనీ పేరు, ఆఫీసు అడ్రసు చాలు, జీతం స్లిప్పు అక్కర్లేదు. ఆఫీసుకు ఫోన్ చేయాల్సొస్తే అతన్ని అడిగే చేస్తాను. కాగితం బీరువాలో, తాళం కింద ఉంది. అతను ఇల్లు ఖాళీ చేసి, అడ్వాన్సు లెక్క తేలిపోయాక చింపేస్తాను.

ఇల్లు అద్దెకిచ్చేవాళ్ళంతా ఇలాగే చేయాలని నా కోరిక.