అట్ట ఒకటే, లోపల పాఠాలు వేరు

మా అమ్మాయి పదకొండో తరగతి, సీబీఎస్ఈ. మా ఊళ్లో ఎన్‌సీఈఆర్‌టీ కెమిస్ట్రీ పార్ట్ 1 దొరికింది కానీ పార్ట్ 2 ఎంత తిరిగినా దొరకలేదు. విజయవాడలో ఉండే మా మరిదికి చెబితే, లెనిన్ సెంటర్‌లో పాత పుస్తకాల కొట్టుకి వెళ్లి వాట్సాప్‌లో రెండు ఫొటోలు పంపాడు. "వదినా, రెండూ ఒకేలా ఉన్నాయి. ఏది తీసుకోమంటారు?" అని అడిగాడు.

నిజమే, రెండూ ఒకేలా ఉన్నాయి. అదే బొమ్మ, అదే పేరు, పార్ట్ 2 అని అదే చోట. ఈ పుస్తకాలతో వచ్చిన చిక్కే ఇది. 2022లో సిలబస్ భారం తగ్గిస్తున్నామని చెప్పి కొన్ని పాఠాలు తీసేశారు. అలా తగ్గించిన పుస్తకాలు 2023-24 చదువుల సంవత్సరానికి అచ్చయ్యాయి. అందుకని ముందు అట్ట చూస్తే ఏ తరగతి, ఏ సబ్జెక్టు, ఏ భాగం అన్నంతవరకే తెలుస్తుంది. ఏ కూర్పో తెలియదు.

ఈ పుస్తకం విషయంలో మాత్రం వెన్ను కొంత చెబుతుంది. పాత పార్ట్ 2లో ఏడు పాఠాలు ఉండేవి. కొత్తదాంట్లో మూడే మిగిలాయి: రెడాక్స్ చర్యలు, ఆర్గానిక్ కెమిస్ట్రీ మూలసూత్రాలు, హైడ్రోకార్బన్లు. హైడ్రోజన్, ఎస్-బ్లాక్, పి-బ్లాక్, పర్యావరణ రసాయనం వెళ్లిపోయాయి. "రెండు పుస్తకాలూ పక్కపక్కన నిలబెట్టి వెన్నులు కనబడేలా ఒక ఫొటో తియ్యి" అన్నాను. తీశాడు. ఒకటి స్పష్టంగా లావు, ఇంకోటి సన్నం.

అయితే వెన్ను చూసి డబ్బులు ఇచ్చేయకూడదు. తడిసి ఆరిన పుస్తకం ఉబ్బుతుంది, కాగితం మందం కూడా ముద్రణకీ ముద్రణకీ మారుతుంది. ఒక్క పుస్తకం ఫొటోయే వస్తే పోల్చుకోవడానికి ఏమీ ఉండదు. అందుకే ఇంకో రెండు పేజీలు ఫొటో తీసి పంపమన్నాను.

ఒకటి ముద్రణ వివరాల పేజీ. ఇక్కడ మొదటి కూర్పు తేదీ ఒక్కటే చూస్తే ఏమీ తేలదు. లావు పుస్తకంలోనూ, సన్నదాంట్లోనూ మొదటి కూర్పు 2006 అనే ఉంది. దాని కింద పునర్ముద్రణల తేదీలు వరసగా ఉంటాయి. వాటిలో ఆఖరిది చూసుకోవాలి.

రెండోది విషయసూచిక. అసలు తీర్పు ఇక్కడే దొరుకుతుంది. రెడాక్స్ చర్యలు ఎన్నో పాఠమో చూడండి. ఎనిమిదోది అయితే పాత పుస్తకం, ఏడోది అయితే కొత్తది. ఎందుకంటే పార్ట్ 1లో కూడా స్టేట్స్ ఆఫ్ మ్యాటర్ అనే పాఠం తీసేయడంతో ఈక్విలిబ్రియం ఏడు నుంచి ఆరుకి జరిగింది. మా ఇంట్లో ఉన్న పార్ట్ 1 తిరగేస్తే ఈక్విలిబ్రియం ఆరో పాఠం. అంటే మాకు ఏడుతో మొదలయ్యే పార్ట్ 2 కావాలి. ఫొటోలో సన్న పుస్తకం ఏడుతో మొదలైంది. సరిపోయింది.

రెండు భాగాలూ వేర్వేరు చోట్ల కొనేవాళ్లకి ఈ అంకెల లెక్క బాగా పనికొస్తుంది. ఏడో నంబరు పాఠం రెండు పుస్తకాల్లోనూ ఉంటే పాత పార్ట్ 1కి కొత్త పార్ట్ 2 కలిసిందని అర్థం. ఆరు తర్వాత ఎనిమిది వస్తే కొత్తదానికి పాతది కలిసింది. అనుమానం ఉంటే ncert.nic.in లో ఇప్పటి పుస్తకం ఉచితంగా ఉంటుంది, విషయసూచిక పక్కన పెట్టుకుని పోల్చుకోవచ్చు.

ఇక లావు పుస్తకం వద్దని చెప్పబోతుంటే మా అమ్మాయి ఆపింది. "అమ్మా, నీట్ సిలబస్‌లో పి-బ్లాక్ ఉంది కదా!" అంది. తీసి చూశాం. 2024 నీట్ సిలబస్‌లో 13వ గ్రూపు నుంచి 18 దాకా పి-బ్లాక్ ఉంది. 13, 14 గ్రూపులు ఈ లావు పుస్తకంలో పదకొండో పాఠం. మిగతా నాలుగు గ్రూపులు పన్నెండో తరగతి పాత కెమిస్ట్రీలో ఉండేవి, కొత్తదాంట్లోంచి అవీ తీసేశారు.

కాబట్టి స్కూలు పరీక్షకి సరైనది సన్న పుస్తకం, ఆ ఒక్క పాఠానికి సరైనది లావుది. "రెండూ తీసుకో నాయనా. లావుదాంట్లో పదకొండో పాఠం పేజీలు చిరక్కుండా ఉన్నాయో లేదో ఒక్కసారి తిప్పి చూడు" అన్నాను. పాత పుస్తకాల్లో ముందు వదులయ్యేవి బాగా చదివిన పాఠాల కాగితాలే. తిప్పి చూసి, "అన్నీ ఉన్నాయి వదినా, పెన్సిల్ గీతలతో సహా" అన్నాడు.