మేడమ్ వచ్చేదాకా

మాది మందుల కంపెనీలకి అట్టపెట్టెలు అచ్చేసే చిన్న కంపెనీ, జీడిమెట్లలో. నేను సేల్స్ చూస్తాను. మా వ్యాపారంలో సగానికి పైగా ముగ్గురు క్లయింట్ల మీదే నడుస్తుంది. ఆ ముగ్గురినీ ఆరేళ్ళుగా ఒకావిడే చూసుకునేది. ఆవిడ ప్రసూతి సెలవు పెట్టినప్పుడు నాకు పెద్ద కంగారేమీ అనిపించలేదు. చట్టప్రకారం 26 వారాలు, అందులో కాన్పుకి ముందు 8 వారాల దాకా వాడుకోవచ్చు. ఇంకా నెలరోజులు టైముంది, కొత్తబ్బాయిని వెంటబెట్టుకుని ముగ్గురి దగ్గరికీ ఆవిడే వెళ్తుంది అనుకున్నాం.

మొదటి చోటికి వెళ్ళొచ్చిన మూడో రోజే డాక్టరు బెడ్ రెస్ట్ అన్నారు. మిగతా ఇద్దరినీ పరిచయం చేసే పని నా నెత్తిన పడింది.

ఆ మొదటి చోట నేనూ ఉన్నాను. ఆవిడ ముందురోజే ఫోన్ చేసి విషయం చెప్పి ఉంచింది. వెళ్ళాక ఎక్కువేమీ మాట్లాడలేదు. "సార్, ఇకనుంచి రేటు సంగతైనా, డెలివరీ సంగతైనా ఈయనే చెప్తారు. నన్ను అడగక్కర్లేదు" అంది. పర్చేజ్ మేనేజరుగారు అలవాటుకొద్దీ ఆవిడవైపే తిరిగి, బోర్డు ధర పెరిగిందంటున్నారు, మా రేటెంత చేస్తారమ్మా అని అడిగారు. ఆవిడకి జవాబు తెలుసు. అయినా నోరు మెదపకుండా కొత్తబ్బాయి వైపు చూసింది. అతను రెండు క్షణాలు తడబడి, "రేపు సాయంత్రం లోపల చెప్తాను సార్" అన్నాడు. మర్నాడు నాలుగింటికి చెప్పాడు. అక్కడ పరిచయం ఆ ఫోనుతో పూర్తయింది.

రెండో చోట నేనేం చేశానో చూడండి. "మేడమ్ వచ్చేదాకా తాత్కాలికంగా ఇతను చూసుకుంటాడండీ" అన్నాను. మర్యాదకి అన్నమాటే, ఆవిడ కుర్చీ ఆవిడకే ఉందని తెలియాలని కూడా. అదే రేటు ప్రశ్న అక్కడా వచ్చింది. నేనే టకటకా జవాబు చెప్పేశాను. పక్కన కొత్తబ్బాయి డైరీలో రాసుకుంటూ కూర్చున్నాడు. బయటికొచ్చాక మీటింగ్ బాగా జరిగిందనుకున్నాను కూడా!

మూడు వారాలైనా అతనికి అక్కణ్ణుంచి ఒక్క ఫోనూ రాలేదు. పని మాత్రం సాగుతూనే ఉంది. అదెలాగో నాకు ఒక షేడ్ కార్డు వల్ల తెలిసింది. రంగు ఎంత లేతగా, ఎంత ముదురుగా ఉండొచ్చో హద్దులు చూపించే అచ్చు నమూనా అది. దానిమీద క్లయింటు సంతకం పెడితేగానీ మిషనెక్కించం. సంతకమైన కార్డు ఫొటో నేరుగా ప్రెస్సుకి వచ్చింది. ఎవరు పంపారని అడిగితే మేడమ్ అన్నారు. క్లయింటు ఆవిడ సొంత నంబరుకి పెడుతున్నారు. ఆవిడ మంచంమీద పడుకునే, ఎడమపక్కకి తిరిగి, అవన్నీ ప్రెస్సుకి పంపుతోంది. ఫోన్ చేస్తే, "ఆయన నన్నడిగితే ఎలా కాదంటాను సార్? మీరేగా తాత్కాలికం అన్నారు" అంది. కోపంగా కూడా అనలేదు.

మళ్ళీ వెళ్ళాను. ఈసారి ఆవిడ తిరిగొచ్చే తేదీ చెప్పి, అప్పటిదాకా పూర్తి బాధ్యత ఇతనిదే, రేటుతో సహా, అని చెప్పాను. ఆవిడ ఆరోగ్యం గురించి అడిగితే కులాసాగా ఉందని మాత్రం అన్నాను. ఆ తర్వాత టీ తాగుతూ నోరుమూసుకుని కూర్చున్నాను. ఇంతా చేస్తే కష్టమైన పని అదే.

మూడో చోట దెబ్బ ఇంకోలా తగిలింది. కొత్తబ్బాయి 29న లోడు పంపాడు. ఆర్డరు ప్రకారం సరైన తేదీయే. కానీ వాళ్ళు నెలాఖర్లో స్టాకు లెక్కలు చూసుకుంటారు, 25 దాటితే సరుకు దించుకోరు. లారీ మూడు రాత్రులు గేటు బయటే ఉంది. స్టోర్సులో పెద్దాయన, "అమ్మాయిగారికి తెలుసే, మీకు చెప్పలేదా?" అన్నాడు. ఆవిడ దాచిందేమీ లేదు. నేను ఆమెనడిగిన కాగితంలో రేట్లు, బాకీలు, పెండింగ్ ఆర్డర్లు ఉన్నాయి. ఎవరికి ఏం మాటిచ్చావు, ఎవరు దేనికి చిరాకుపడతారు అని అడిగే గడి లేదు. తర్వాత ఆవిడకి వీలైన రోజున ఓ అరగంట ఫోన్లో కూర్చుని అవి రాయించుకున్నాం. పదకొండు సంగతులు తేలాయి. వాటిలో ఒక్కటీ మా ఫైళ్ళలో లేదు.

ఆవిడ తిరిగొచ్చింది. రెండో క్లయింటు, మూడో క్లయింటు సంతోషంగా ఆవిడ దగ్గరికి వచ్చేశారు. మొదటి చోట, ఆవిడ అంత చక్కగా అప్పజెప్పిన చోట, పర్చేజ్ మేనేజరుగారు నాకు విడిగా ఫోన్ చేశారు. "ఈ అబ్బాయికి అలవాటుపడ్డామండీ, ఇతన్నే ఉంచకూడదా?" అన్నారు. అది మా అతిపెద్ద ఖాతా. ఆవిడ ఇన్సెంటివ్‌లో సగం దాన్నుంచే వస్తుంది.

వారం ఆలోచించి, ఆవిడకే ఇస్తున్నామని ఆయనకి చెప్పాను. ఆయన ముక్తసరిగా సరేనన్నారు. మర్నాడు కొత్తబ్బాయి ఆవిణ్ణి వెంటబెట్టుకుని వెళ్ళాడు. ఆయన రేటడిగితే ఏం చెయ్యాలో అతనికి నేను చెప్పలేదు.